జవాబు 8వ పేజీలో పెట్టాను, సీనియర్ 1వ పేజీ చదివి క్లయింట్‌కి ఫోన్ చేశారు

కొత్తఫైలు:
అందరికీ నమస్కారం. లాయర్ ఆఫీసులో జూనియర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. పోయిన వారం నా మెమో వల్ల ఒక పొరపాటు జరగబోయి ఆగింది. దాని మీద మీ అభిప్రాయం కావాలి. కేసు గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మా క్లయింట్‌కి ఒక కంపెనీతో యంత్రాల నిర్వహణ ఒప్పందం ఉంది. మూడేళ్ళది, డిసెంబర్ 31తో అయిపోతుంది. 14వ క్లాజు ప్రకారం, వద్దనుకుంటే గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో ఏడాది దానంతట అదే పొడిగిపోతుంది. 60 రోజులు వెనక్కి లెక్కేస్తే నవంబర్ 1. క్లయింట్ అక్టోబర్ 28న ఈమెయిల్ పంపారు. మర్నాడే అవతలి మేనేజర్ "అందింది, పైవాళ్ళకి చెబుతాను" అని జవాబిచ్చారు. 30న క్లయింట్ అదే నోటీసు కొరియర్‌లో కూడా పంపారు, అది నవంబర్ 4న అందింది. చిక్కు 22వ క్లాజుతో వచ్చింది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో గానీ కొరియర్‌లో గానీ పంపి తీరాలి, అందిన రోజు నుంచే లెక్క, ఈమెయిల్‌లో ఒక కాపీ పంపుకోవచ్చు అని అందులో ఉంది.

నేను 9 పేజీల మెమో రాశాను. ముందు ఫ్యాక్ట్స్ తేదీల వరుసలో, తర్వాత ఇష్యూ, తర్వాత చర్చ, 8వ పేజీలో కన్‌క్లూజన్. "నోటీసు బహుశా చెల్లదు" అనే మాట అక్కడే మొదటిసారి వస్తుంది. సీనియర్ రెండు మీటింగుల మధ్య ఫోన్‌లో మొదటి పేజీ చూసి, క్లయింట్‌కి "టైమ్‌లోనే పంపారు, టెన్షన్ వద్దు" అని చెప్పేశారు. ఆ సాయంత్రమే క్లయింట్ కొత్త కంపెనీతో సంతకం పెట్టబోతున్నారు. అదృష్టం కొద్దీ నేను ఐదింటికి వేరే పని మీద సీనియర్ గదికి వెళ్ళాను, మాటల్లో విషయం బయటపడి ఫోన్ చేసి ఆపాం.

ఆయన నన్ను ఏమీ అనలేదు. "జవాబు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అడిగారు. ఫ్యాక్ట్స్ తెలియకుండా జవాబు ఎలా అర్థమవుతుందని నా సందేహం. మీరు ఎలా రాస్తారు?

కోర్టుబాట:
నాకు అర్థం కాలేదు. మెమో అంటే రిజిస్ట్రీలో వేసే ఒక్క పేజీ కాగితం కదా? "ఫలానా డాక్యుమెంట్లు జత చేస్తున్నాం, స్వీకరించగలరు" అని. అందులో 9 పేజీల ఫ్యాక్ట్స్ ఎక్కడివి? పోయిన నెల నేను వేసిన మెమోని పేజీ నంబర్లు లేవని వెనక్కి పంపారు. మీ దగ్గర కూడా ఇలాగే చేస్తున్నారా?

నోటుపుస్తకం:
కోర్టుబాట గారూ, ఇది ఆ మెమో కాదు. కోర్టుకి వెళ్ళదు. జూనియర్ పరిశోధన చేసి "చట్టం ఏం చెబుతోంది, మన క్లయింట్ పరిస్థితి ఏంటి" అని సీనియర్‌కి రాసిచ్చే లోపలి కాగితం.

పాతలెడ్జరు:
కొత్తఫైలు, మంచి ఉదాహరణ పెట్టావు. ఇలాంటి మెమోలు పాతికేళ్ళుగా రాస్తున్నాను, దిద్దుతున్నాను, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

దీన్ని మీ సీనియర్ తొందరపాటుగా మాత్రమే చూడకు. నీ మొదటి పేజీలో ఏముందో ఆయన కళ్ళతో చూడు. ఒప్పందం వివరాలు, 60 రోజుల షరతు, 28న ఈమెయిల్, 29న "అందింది" అనే జవాబు. తేదీల వరుస కాబట్టి కొరియర్ రెండో పేజీకి వెళ్ళింది, 22వ క్లాజు ఇంకా వెనక్కి పోయింది. అవునా? నువ్వు ప్రశ్న చెప్పలేదు కాబట్టి చదివేవాడు తనే ఒక ప్రశ్న వేసుకుంటాడు. ఆయన వేసుకున్నది "టైమ్‌లో పంపారా లేదా?" అని. నీ మొదటి పేజీ దానికి శుభ్రంగా "పంపారు" అని జవాబు చెప్పింది. అంటే ఆయనకి జవాబు దొరక్కపోవడం కాదు, తప్పు ప్రశ్నకి జవాబు దొరికింది.

అసలు ప్రశ్న వేరే. టైమ్‌లో వెళ్ళింది ఒప్పుకున్న పద్ధతిలో వెళ్ళలేదు, ఒప్పుకున్న పద్ధతిలో వెళ్ళింది టైమ్‌లో చేరలేదు. ఈ మాట తలలో పెట్టుకుని నీ ఫ్యాక్ట్స్ చదివితే అవే తేదీలు వేరేగా కనిపిస్తాయి. 29 నాటి జవాబు మేనేజర్ మర్యాదగా రాసిన లైన్ కాదు, మనకున్న ఒకే ఒక్క ఆధారం అని తెలుస్తుంది. ఫ్యాక్ట్స్ తెలియకుండా జవాబు ఎలా అర్థమవుతుందని అడిగావు. ప్రశ్న తెలియకుండా ఏ ఫ్యాక్ట్ దగ్గర ఆగాలో ఎలా తెలుస్తుంది?

నీ మెమోలో ఇష్యూ ఏమని రాశావో ఉన్నది ఉన్నట్టు పెట్టు.

కొత్తఫైలు:
అవును మేడమ్, కొరియర్ రెండో పేజీలోనే ఉంది. 22వ క్లాజు మూడో పేజీలో. ఇష్యూ ఇదీ:

"క్లయింట్ ఇచ్చిన నోటీసు చట్టప్రకారం చెల్లుబాటు అవుతుందా?"

ఒకటేలైను:
ఇందులో కష్టం ఏముంది? పైన "ప్రశ్న: నోటీసు చెల్లుతుందా? జవాబు: చెల్లదు" అని రెండు లైన్లు పెట్టి, మిగతాదంతా యథాతథంగా ఉంచేయండి. సీనియర్లకి కావాల్సింది అవును, కాదు మాత్రమే. నేను పదేళ్ళుగా ఇలాగే ఇస్తున్నాను.

పాతలెడ్జరు:
ఒకటేలైను గారూ, జవాబు పైకి రావాలన్నది మీరు సరిగ్గానే చెప్పారు. కానీ "చెల్లదు" అని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. సీనియర్ ఫోన్ చేస్తారు. క్లయింట్ వెంటనే "ఈమెయిల్ ముందే పంపాను కదండీ, అందిందని కూడా రాశారు" అంటారు. అప్పుడు సీనియర్ చేతిలో ఏముంది? మళ్ళీ 9 పేజీలు తిప్పాలి. కారణం లేని జవాబు మొదటి ఎదురు ప్రశ్నకే ఆగిపోతుంది. పైగా ఇక్కడ "చెల్లదు" అనేది అంత గట్టిగా చెప్పదగ్గ మాట కూడా కాదు.

ఇక కొత్తఫైలు ప్రశ్న. అది నోటీసులున్న ప్రతి ఫైల్లోనూ సరిపోతుంది, అదే దాని లోపం. ప్రశ్నలో మూడు ముక్కలు ఉండాలి: ఏ నియమం కింద అడుగుతున్నాం, ఏం అడుగుతున్నాం, ఏ ఫ్యాక్ట్స్ వల్ల అనుమానం వచ్చింది. ఇంగ్లీషులో అండర్, డజ్, వెన్ అని నేర్పే మూస ఇదే. ఆ మూడు మాటలూ కనిపించాలని లేదు, మూడు ముక్కలూ ఉంటే చాలు. నేనైతే ఇలా రాస్తాను:

"నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో లేదా కొరియర్‌లో పంపి తీరాలని, అందిన రోజు నుంచే లెక్కని ఒప్పందం (22వ క్లాజు) చెబుతోంది. క్లయింట్ గడువుకి 4 రోజుల ముందు ఈమెయిల్‌లో నోటీసు ఇచ్చారు, అవతలివాళ్ళు అందినట్టు రాశారు, కొరియర్ మాత్రం గడువు దాటాక 3 రోజులకు చేరింది. ఈ పరిస్థితిలో ఒప్పందం 14వ క్లాజు కింద మరో ఏడాది పొడిగినట్టేనా?"

రెండు విషయాలు గమనించు. మనకి నష్టం చేసే ఫ్యాక్ట్, లాభం చేసే ఫ్యాక్ట్ రెండూ ప్రశ్నలోనే ఉన్నాయి. ఒకటి తీసేస్తే జవాబు ముందే తేలిపోయినట్టు ఉంటుంది, అది మెమో చేయాల్సిన పని కాదు. రెండోది, నువ్వు "నోటీసు చెల్లుతుందా" అని అడిగావు, నేను "ఒప్పందం పొడిగిందా" అని అడిగాను. క్లయింట్ తెలుసుకోవాలనుకున్నది అదే.

నోటుపుస్తకం:
ఇది 40 పదాలు దాటింది మేడమ్. ప్రశ్న ఒకే వాక్యంలో ఉండాలని మాకు నేర్పారు.

పాతలెడ్జరు:
ఒకే వాక్యంలో ఇరికిస్తే ఊపిరి ఆడదు. ప్రశ్నని రెండు మూడు వాక్యాలుగా విడగొట్టి, మొత్తం 75 పదాల్లోపు ఉంచమని లీగల్ రైటింగ్ నేర్పే బ్రయాన్ గార్నర్ చెబుతారు. ఆ లెక్క నాకు పనికొచ్చింది. ముందు నియమం, తర్వాత ఫ్యాక్ట్స్, చివర్లో ప్రశ్న. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది కాబట్టి ఈ వరుస మనకి ఇంకా సహజంగా కుదురుతుంది.

కొత్తఫైలు:
మేడమ్, దీనికి జవాబు నేనే రాసి చూశాను. తప్పులుంటే చెప్పండి.

"చెల్లదని భావించవచ్చు. ఒప్పందంలోని నోటీసు షరతులు పాటించకపోతే నోటీసు చెల్లకపోవచ్చు. అయితే కొన్ని సందర్భాల్లో కోర్టులు అసలు సమాచారం అందిందా లేదా అన్నది కూడా చూస్తాయి. అన్ని పరిస్థితులనూ పరిశీలించి నిర్ణయించాల్సి ఉంటుంది."

పాతలెడ్జరు:
ఇది జవాబులా కనిపిస్తుంది గానీ ఇందులో మన కేసు లేదు. తేదీ లేదు, క్లాజు లేదు, మేనేజర్ రాసిన లైన్ లేదు. చివరి వాక్యం తీసేసి చూడు, ఏమైనా పోయిందా? పైగా మొదటి మాట "చెల్లదని" అంటోంది, ప్రశ్నలో అడిగింది "పొడిగిందా" అని. ఏ క్రియతో అడిగామో ఆ క్రియతోనే జవాబు మొదలవ్వాలి.

నా ముసాయిదా:

"బహుశా పొడిగినట్టే. 22వ క్లాజు పోస్టు, కొరియర్ విషయంలో 'పంపి తీరాలి' అని, ఈమెయిల్ విషయంలో 'పంపుకోవచ్చు' అని అంటోంది, కాబట్టి ఈమెయిల్ ఒక్కటే నోటీసుగా నిలవడం కష్టం. కొరియర్ ఆలస్యంగా చేరింది. అయితే అవతలివాళ్ళకి విషయం గడువులోపే తెలుసని వాళ్ళ జవాబే చెబుతోంది. గడిచిన మూడేళ్ళలో ఇరుపక్షాలూ నోటీసులు ఈమెయిల్‌లోనే ఇచ్చి పుచ్చుకుని ఉంటే జవాబు తిరగబడవచ్చు. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు మనం ఇంకా చూడలేదు."

తీర్పుల పేర్లు ఇక్కడ పెట్టను, అవి చర్చలోకి వెళతాయి. ఒకే ఒక్క తీర్పు మీదో సెక్షన్ మీదో మొత్తం నిలబడి ఉంటే తప్ప.

ఆ ఆఖరి మూడు వాక్యాల గురించి ఒక మాట. జూనియర్లు "అయితే" అని మొదలుపెట్టి తమకి భయంగా ఉన్నవన్నీ రాస్తారు. ఇక్కడ "అయితే" ఒక్క దాని వైపే వేలు చూపిస్తోంది: ఏ కాగితం దొరికితే జవాబు మారుతుందో దాని వైపు. సీనియర్ క్లయింట్‌కి ఫోన్ చేసి అడగాల్సింది ఏమిటో ఆ వాక్యంలోనే ఉంది.

మూడోబెంచీ:
నాకు ఇందులో ఒక భయం ఉంది. జవాబుతో మొదలుపెడితే జూనియర్ ముందే ఒక పక్షం ఎంచుకుని, దానికి సరిపడే తీర్పులే వెతుకుతాడు. ఫ్యాక్ట్స్ నుంచి నడిచి వెళితే కనీసం నిజాయితీగా వెళతాం. నేను మొదట్లో ఇలా చేసి ఒకసారి దెబ్బతిన్నాను. నాకు వ్యతిరేకంగా ఉన్న తీర్పు అవతలి లాయర్ చూపించేదాకా నా కళ్ళకి కనబడలేదు.

పాతలెడ్జరు:
మీ భయం సరైనదే, కానీ అది రాసే వరుస గురించి. మనం మాట్లాడుతున్నది చదివే వరుస. నేను చిన్న జవాబుని అన్నిటికంటే చివర రాస్తాను, పేజీలో మాత్రం ముందు పెడతాను. ప్రశ్న అలా కాదు. దాన్ని మొదటి రోజే రాసి, పరిశోధన సాగేకొద్దీ దిద్దుతూ పోతాను. ప్రశ్న ఎన్నిసార్లు మారితే అంత మంచిది, విషయం మెల్లగా తెలుస్తోందని అర్థం.

దీనికి ఉలటా పొరపాటు కూడా ఉంది, అది నేనే చేశాను. చాలా ఏళ్ళ క్రితం ఒక హామీ పత్రం మీద మెమో రాస్తూ మొదటి రోజే "బహుశా బాధ్యత ఉండదు" అని పైన పెట్టేశాను. నాలుగు రోజుల చర్చలో నా అభిప్రాయం మారింది, చివరి పేజీలో "బాధ్యత తప్పకపోవచ్చు" అని రాశాను. పైన దిద్దడం మర్చిపోయాను. మెమో అలాగే బయటికి వెళ్ళింది. క్లయింట్ మొదటి పేజీ నమ్మారు, వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు చివరి పేజీ నమ్మారు, రెండు వారాలు ఎవరి లెక్క వాళ్ళు వేసుకున్నారు. ఆ రోజు నుంచి ఒక్క మెమో కూడా మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి చదవకుండా పంపలేదు.

ఇంకొకటి కూడా చూస్తాను. ప్రశ్నలో ఉన్న ప్రతి ఫ్యాక్ట్ కింద ఫ్యాక్ట్స్ భాగంలో కనబడాలి, చర్చలో దానికి ఒక పని ఉండాలి. చర్చలో ఎక్కడా తగలని ఫ్యాక్ట్ ప్రశ్నలో ఉందంటే అది అలంకారం. చర్చలో జవాబుని తిప్పిన ఫ్యాక్ట్ ప్రశ్నలో లేదంటే ప్రశ్న పాతబడింది.

కోర్టుబాట:
ఇప్పుడు అర్థమైంది. నేనైతే అప్పీల్లో ప్రశ్నలు రాసేటప్పుడు జవాబు మనకి అనుకూలంగా వచ్చేలా రాస్తాను. "అవతలివాళ్ళు స్వయంగా అందిందని ఒప్పుకున్న నోటీసుని కేవలం సాంకేతిక కారణంతో కాదనవచ్చా?" అని. ఇక్కడ కూడా అలాగే రాస్తే బావుంటుంది కదా?

పాతలెడ్జరు:
కోర్టుకి అది సరిపోతుంది, అక్కడ మీ పని ఒప్పించడం. మెమోలో "స్వయంగా", "కేవలం", "సాంకేతిక" అనే మూడు మాటలూ కొట్టేస్తాను. ఆ మాటలతో మీరు ఒప్పించేది మీ సీనియర్‌నే. ఆయన క్లయింట్‌కి ధైర్యం చెబుతారు, క్లయింట్ సంతకం పెడతారు.

నోటుపుస్తకం:
60 రోజుల లెక్క గురించి ఎవరూ అడగలేదు. "కనీసం 60 రోజుల ముందు" అంటే నవంబర్ 1 చివరి రోజా, అక్టోబర్ 31 చివరి రోజా అని వాదన రావచ్చు కదా. అది రెండో ప్రశ్నగా పెట్టాలా?

పాతలెడ్జరు:
ఏ రోజు తీసుకున్నా 28 నాటి ఈమెయిల్ ముందే ఉంది, 4వ తేదీ కొరియర్ ఆలస్యంగానే ఉంది. జవాబు మారదు కాబట్టి ప్రశ్నగా పెట్టకూడదు. చర్చలో ఒక్క వాక్యం రాసి వదిలేయాలి. కొరియర్ సరిగ్గా నవంబర్ 1నే అంది ఉంటే మాత్రం అదే మొదటి ప్రశ్న అయ్యేది.

ఒకటేలైను:
కారణం జోడించాలన్నది ఒప్పుకుంటున్నాను. కానీ "బహుశా" నాకు నచ్చలేదు. నూటికి ఎంత? 60 అంటే ఒక నిర్ణయం, 90 అంటే ఇంకో నిర్ణయం. నేను "70 శాతం" అని రాస్తాను, క్లయింట్లు మెచ్చుకుంటారు.

మూడోబెంచీ:
ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఏం చెబుతారండీ? లెక్క వేసి రాబట్టిన అంకె కాదు కదా. "బహుశా" అంటే కనీసం అంచనా అని తెలుస్తుంది.

ఒకటేలైను:
"బహుశా" కూడా ఎక్కడి నుంచో రాలేదు కదా. ఒకరికి అది సగం సగం, ఇంకొకరికి దాదాపు ఖాయం. నేను అంకె రాస్తే కనీసం నేనేం అనుకున్నానో అవతలివాళ్ళకి తెలుస్తుంది.

పాతలెడ్జరు:
ఈ విషయంలో నేను ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు. "తప్పకుండా", "బహుశా", "చెప్పడం కష్టం" అని మూడు మెట్లు మాత్రమే వాడతాను, మా ఆఫీసులో అందరికీ వాటి అర్థం ఒకటే ఉండేలా చూసుకుంటాను. బయటివాళ్ళకి వెళ్ళే కాగితంలో అది సరిపోతుందా అంటే సరిపోదేమో. ఒకటేలైను గారి మాటలో నిజం ఉంది.

నోటుపుస్తకం:
క్లయింట్ కొత్త సంతకం పెట్టకూడదు అనే మాట కూడా చిన్న జవాబులోనే ఉండాలి కదా? ఈ కేసులో ప్రమాదం జరగబోయింది అక్కడే.

పాతలెడ్జరు:
చాలామంది దాన్ని చివరి భాగంలో పెడతారు, చిన్న జవాబు చట్టం గురించే ఉండాలంటారు. రోజులు లెక్కపెట్టుకునే ఫైల్లో నేను ఆ పద్ధతి పాటించను. చిన్న జవాబు కిందే విడిగా ఒక్క లైన్ పెడతాను.

కొత్తఫైలు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మెమో మళ్ళీ రాసి ఇచ్చాను. ప్రశ్న, జవాబు, సంతకం ఆపమనే లైన్ కలిపి మొదటి పేజీలో సగం పట్టాయి. ఫ్యాక్ట్స్ మూడు పేజీల నుంచి ఒకటిన్నరకి తగ్గాయి. ఒప్పందం మొదట ఎలా కుదిరింది, యంత్రాలు ఎన్ని అన్నవి ప్రశ్నకి తగలడం లేదని తీసేశాక అవి లేవన్న సంగతి కూడా ఎవరికీ తెలియలేదు.

సీనియర్ నా ముందే చదివారు. మొదటి పేజీ అయ్యాక ఫోన్ తీసి క్లయింట్‌ని ఒకటే అడిగారు: "ఈ మూడేళ్ళలో వాళ్ళకి గానీ, వాళ్ళు మీకు గానీ నోటీసులు ఎలా పంపుకున్నారు?" ఈరోజు రెండు దొరికాయి. అవతలివాళ్ళు అడ్రస్ మారిందని ఇచ్చిన నోటీసు ఈమెయిల్‌లో మాత్రమే వచ్చింది, మనవాళ్ళు దాన్ని ఒప్పుకున్నారు. రేట్లు మార్చిన నోటీసు మాత్రం కొరియర్‌లో వచ్చింది. ఒకటి అటు, ఒకటి ఇటు.

ఇప్పుడు "బహుశా పొడిగినట్టే" అని ఉంచాలా, "చెప్పడం కష్టం" అని మార్చాలా?

మూడోబెంచీ:
అడ్రస్ నోటీసు 22వ క్లాజు కిందకే వస్తుందా? అది చూడకుండా మార్చకండి.

పాతలెడ్జరు:
అవును, ముందు అది చూడు. 22వ క్లాజు "ఈ ఒప్పందం కింద ఇచ్చే ప్రతి నోటీసు" అంటోందా, లేక కొన్నిటికే పరిమితమా? మొదటిది అయితే అవతలివాళ్ళే ఆ క్లాజుని పక్కన పెట్టారని మనం వాదించగలం. అప్పుడు ఆ ఫ్యాక్ట్ ప్రశ్నలోకి రావాలి, ప్రశ్న మారాక జవాబులో మొదటి మాట తేల్చుకుందాం. క్లాజు మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టు.

కొత్తఫైలు:
ఫైల్ ఆఫీసులో ఉంది మేడమ్. రేపు పొద్దున చూసి పెడతాను.